పాజిటివ్ వాక్యమా, నార్మేటివ్ వాక్యమా: క్విజ్‌లో త్వరగా తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: "సార్, నేను విశాఖపట్నంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అర్థశాస్త్రం ఇంటర్నల్ క్విజ్‌లో 20 వాక్యాలిచ్చి, 10 నిమిషాల్లో ఏది పాజిటివ్, ఏది నార్మేటివ్ అని గుర్తించమన్నారు. 'కనీస వేతనం పెంచితే నిరుద్యోగం పెరుగుతుంది' అన్నదాన్ని, ఆర్థికవేత్తలే ఒప్పుకోరు కాబట్టి అభిప్రాయం అనుకుని నార్మేటివ్ అని పెట్టాను. 'సరఫరా పెరిగితే ధర తగ్గాలి' అన్నదాంట్లో 'ఆలి' ఉంది కాబట్టి అదీ నార్మేటివ్ అన్నాను. రెండూ తప్పన్నారు. నిర్వచనాలు బాగానే వచ్చు. వాక్యం ఎదురుగా ఉన్నప్పుడు త్వరగా తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?"

సమాధానం:

నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ఈ పాఠంలో నిర్వచనం రాక మార్కులు పోగొట్టుకున్న వారు నాకు దాదాపుగా కనిపించలేదు. "ఉన్నదాన్ని చెప్పేది పాజిటివ్, ఉండవలసినదాన్ని చెప్పేది నార్మేటివ్" అని అందరూ రాస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, వాక్యం ముందుకు రాగానే చాలామంది ఆ నిర్వచనాన్ని పక్కనబెట్టి, తెలియకుండానే వేరే ప్రశ్న వేసుకుంటారు. "ఇది నిజమేనా?", "దీన్ని అందరూ ఒప్పుకుంటారా?" అని అడుగుతారు. మీ మొదటి పొరపాటు అక్కడే జరిగింది. కనుక ముందు దాన్ని తీరిగ్గా చూద్దాం, ఎందుకంటే అది సరిపడితే మిగతా సగం తనంతట తానే సరిపడుతుంది.

పాజిటివ్ వాక్యం నిజమై ఉండాలన్న నియమం ఏదీ లేదు. "భారతదేశ జనాభా 20 కోట్లు" అన్నది పచ్చి తప్పు, అయినా అది పాజిటివ్ వాక్యమే. జనాభా లెక్కలు తెరిస్తే తప్పని తేలిపోతుంది, అలా తేలడానికి వీలుండడమే దాని లక్షణం. అలాగే ఒక విషయంపై ఆర్థికవేత్తలు కొట్లాడుకుంటున్నంత మాత్రాన అది నార్మేటివ్ అయిపోదు. వారు దేని గురించి కొట్లాడుకుంటున్నారన్నది చూడాలి.

మీరు తప్పు పెట్టిన కనీస వేతనం వాక్యమే దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచారు. పొరుగున ఉన్న పెన్సిల్వేనియాలో అప్పుడు పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఉద్యోగుల సంఖ్యను పెంపుకు ముందూ తర్వాతా సేకరించి పోల్చారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ తమకు కనబడలేదని 1994లో ప్రచురించారు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనే మరో ఇద్దరు ఆ దుకాణాల జీతాల రికార్డులు తెప్పించి లెక్కలు మళ్లీ కట్టి, ఆ ఫలితం నిలవదని వాదించారు. ఇంత పోట్లాటలోనూ ఇరుపక్షాలూ పట్టుకున్నది ఒకే సాధనాన్ని: ఎంతమంది, ఎన్ని గంటలు, ఎప్పుడు పనిచేశారన్న లెక్కను. కాబట్టి "కనీస వేతనం పెంచితే నిరుద్యోగం పెరుగుతుంది" అన్నది, నిజమైనా కాకున్నా, ఇంకా తేలకున్నా, పాజిటివ్ వాక్యం. "కనీస వేతనం పెంచినందువల్ల కొందరి ఉద్యోగాలు పోయినా, మిగిలినవారికి గౌరవప్రదమైన బతుకు దొరుకుతుంది కాబట్టి పెంచడమే న్యాయం" అంటే అది నార్మేటివ్. ఈ రెండో వాక్యాన్ని న్యూజెర్సీ లెక్కలు ఎన్ని కట్టినా తేల్చలేరు.

ఇక్కడినుంచే నేను తరగతిలో చెప్పే పరీక్ష పుడుతుంది. ఒక వాక్యం మీద ఇద్దరు మనుషులు అవునంటే కాదని వాదించుకుంటున్నారని ఊహించండి. వారిద్దరి చేతికీ కావలసిన లెక్కలన్నీ, ఇప్పటికి దొరకనివి కూడా, ఒక్కటీ వదలకుండా ఇచ్చామనుకోండి. వాటిని చూశాక వారి తగాదా తీరిపోవలసిందేనా? తీరవలసిందే అనిపిస్తే పాజిటివ్. లెక్కలన్నీ ఒప్పుకుని కూడా ఇద్దరూ మర్యాదగా, తప్పు లేకుండా, వేర్వేరు మాటల మీద నిలబడగలిగితే నార్మేటివ్. "ఇప్పటికి దొరకనివి కూడా" అన్న షరతును వదిలేయకండి. "వచ్చే ఏడాది ద్రవ్యోల్బణం 6 శాతం దాటుతుంది" అన్నదాన్ని ఈరోజు ఎవరూ రుజువు చేయలేరు. ఆ కారణంతో దాన్ని అభిప్రాయాల గాటన కట్టేసేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కానీ ఏడాది గడిస్తే లెక్క చేతికొస్తుంది, తగాదా తీరుతుంది. జోస్యమైనా అది పాజిటివ్ జోస్యం.

ఇక మీ రెండో పొరపాటు, "ఆలి" సంగతి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలు "షుడ్" అనే మాట కోసం వెతికినట్టే, తెలుగులో చదివేవారు వాక్యం చివరి "ఆలి" కోసం వెతుకుతారు. వెతకడం తప్పు కాదు. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి, చివరి మాటను ముందు చదవడం నిజంగానే సమయం ఆదా చేస్తుంది. అయితే ఆ ఒక్క ప్రత్యయం మూడు వేర్వేరు పనులు చేస్తుంది. "ప్రభుత్వం ఉల్లి ధర తగ్గించాలి" అన్నప్పుడు ఒక కర్త ఉన్నాడు, అతను ఒక పని చేయడం మంచిదని మాట్లాడేవారు కోరుతున్నారు. ఇది నార్మేటివ్. "సరఫరా పెరిగితే, ఇతర అంశాలు మారకుంటే, ధర తగ్గాలి" అన్నప్పుడు ఎవరికీ ఏ కర్తవ్యమూ చెప్పడం లేదు. సిద్ధాంతం ప్రకారం ఏం జరుగుతుందని లెక్క వేస్తున్నామో అది చెబుతున్నాం. "పొద్దున ఆరుకు బయలుదేరిన బస్సు ఈపాటికి అనకాపల్లి చేరి ఉండాలి" అని మనం అనుకునే అర్థమే ఇది. దీన్ని త్వరగా పట్టుకోవడానికి "తగ్గాలి" తీసేసి "తగ్గుతుంది" పెట్టి చూడండి. అర్థం మారకపోతే అది పాజిటివ్. "తగ్గించాలి" తీసి "తగ్గిస్తుంది" పెడితే వాక్యం వేరే సంగతి చెబుతుంది, అంటే అక్కడ కోరిక ఉందన్నమాట.

మూడో వాడుక అన్నిటికన్నా చిక్కుది: "ద్రవ్యోల్బణం తగ్గాలంటే రిజర్వ్ బ్యాంకు రెపో రేటు పెంచాలి." ఇందులో "పెంచాలి" ఉంది, కర్త కూడా ఉన్నాడు, అయినా లక్ష్యాన్ని ముందే "అంటే" అని షరతుగా పెట్టేశారు. ద్రవ్యోల్బణం తగ్గడం మంచిదా చెడ్డదా అని ఈ వాక్యం తేల్చడం లేదు. ఆ లక్ష్యం కావాలనుకునేవారికి ఈ సాధనం పనిచేస్తుందని మాత్రమే అంటున్నది. రెపో రేటు పెంపు నిజంగా ద్రవ్యోల్బణాన్ని తగ్గిస్తుందా, అంతకన్నా మేలైన దారి లేదా అన్నది లెక్కలతో తేలవలసిన విషయం కనుక నా దృష్టిలో ఇది పాజిటివ్. కొన్ని ప్రశ్నపత్రాలు మాత్రం "పెంచాలి" అన్న మాటను చూసి దీన్ని నార్మేటివ్‌గా లెక్కిస్తాయి. ఏది నార్మేటివ్ అని అడిగే బిట్ ప్రశ్నలో ఇలాంటిది వచ్చి, మిగతా మూడు ఐచ్ఛికాల్లో స్పష్టమైన నార్మేటివ్ వాక్యం ఒకటి ఉంటే, దాన్నే ఎంచుకోండి. రాతపరీక్షలో అయితే "లక్ష్యం షరతుగా ఇచ్చారు కాబట్టి ఇది సాధనం గురించిన పాజిటివ్ వాక్యం" అని ఒక్క ముక్క జోడించండి. ఆ ముక్క చూశాక మార్కు కోసే పరీక్షకులు అరుదు.

ఇప్పుడు మనందరికీ తెలిసిన ఒక విషయం తీసుకుని, క్విజ్‌లో వచ్చే తీరులో వాక్యాలు రాసి ఒక్కొక్కటిగా చూద్దాం. మన ఫిషింగ్ హార్బర్‌లో ఏటా వేసవిలో బోట్లన్నీ లంగరు వేసి ఉండడం మీరు చూసే ఉంటారు.

"తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది." ఇది వర్ణన. ఉత్తర్వు చూస్తే తేలిపోతుంది కాబట్టి పాజిటివ్. "నిషేధం" అన్న మాటలో ప్రభుత్వపు ఆజ్ఞ ఉంది కదా అని సందేహపడేవారుంటారు. ఆజ్ఞ ఇచ్చినది ప్రభుత్వం. ఈ వాక్యం ఆ ఆజ్ఞ ఉందని చెబుతోంది, అంతే.

"నిషేధ కాలంలో విశాఖ మార్కెట్‌లో వంజరం ధర పెరుగుతుంది." సరఫరా తగ్గితే ధర ఏమవుతుందన్న అంచనా ఇది. మార్కెట్‌కు వెళ్లి ధర కనుక్కుంటే సరి. పాజిటివ్.

"నిషేధాన్ని 90 రోజులకు పెంచితే మరుసటి ఏడాది రొయ్యల దిగుబడి రెట్టింపవుతుంది." దీన్ని నేను నమ్మను, మీరూ నమ్మనక్కర్లేదు. అయినా పాజిటివే. మనం నమ్మకపోవడానికి కారణం ఏమిటంటే దిగుబడి అంతలా పెరగదని మన అంచనా. అంటే మన అభ్యంతరం కూడా లెక్క మీదే ఆధారపడింది. ఒక వాక్యాన్ని కాదనడానికి మీకు ఎలాంటి కారణం తోస్తుందో చూసుకోవడం కూడా ఒక మంచి గుర్తు.

"నిషేధాన్ని 90 రోజులకు పెంచాలి." నార్మేటివ్. దీని మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. క్విజ్‌లో ఇలాంటివాటికి ఐదు సెకన్లు మించి ఇవ్వకండి.

"మత్స్యకార సంఘాలు నిషేధ కాలపు భృతిని పెంచాలని కోరుతున్నాయి." ఇక్కడ చాలామంది పడిపోతారు. "పెంచాలి" అన్నది కోరికే, కాని ఆ కోరిక వాక్యం చెప్పేవారిది కాదు. సంఘాలు అలా కోరుతున్నాయా లేదా అన్నదే ఈ వాక్యం చేస్తున్న ప్రకటన. వారి వినతిపత్రం చూస్తే తేలుతుంది. పాజిటివ్. "అని కోరుతున్నాయి", "అని భావిస్తున్నారు", "అని సర్వేలో చెప్పారు" అన్న చివర కనబడగానే లోపలి మాటను వదిలి బయటి మాటను తూచండి. "చాలామంది ఆర్థికవేత్తలు ఇంటి అద్దెలపై గరిష్ఠ పరిమితి ఉండకూడదంటారు" అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లో తరచూ వస్తుంది, అది కూడా ఇదే కోవలోది.

"20,000 రూపాయల భృతి చాలదు." 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ భృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది, అందుకే ఆ అంకె తీసుకున్నాను. ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించండి. చూడటానికి వర్ణనలాగే ఉంది. "ఆలి" లేదు, "న్యాయం" లేదు. కానీ దేనికి చాలదు? మాట్లాడేవారి మనసులో ఒక కుటుంబం ఎలా బతకాలన్న కొలత ఉంది, ఆ కొలతను బయటికి చెప్పలేదు. ఒకరు పిల్లల ఫీజులు కూడా అందులో ఇమడాలంటారు, మరొకరు తిండి గడిస్తే చాలంటారు. ఇద్దరికీ ఒకే ఖర్చుల పట్టిక ఇచ్చినా ఈ తేడా పోదు. కనుక ఉన్నదున్నట్టుగా ఇది నార్మేటివ్. అదే వాక్యాన్ని "నలుగురున్న కుటుంబానికి రెండు నెలల బియ్యం, పప్పు, వంటగ్యాస్, ఇంటద్దె కలిపితే అయ్యే ఖర్చుకు 20,000 రూపాయలు చాలవు" అని రాస్తే కొలత బయటికొచ్చింది. ధరలు కనుక్కుని కూడితే అవునో కాదో తేలుతుంది. ఇది పాజిటివ్. "చాలదు", "ఎక్కువ", "మితిమీరిన", "తగినంత", "అనవసరమైన" అన్న మాటలు కనబడినప్పుడల్లా "దేనితో పోలిస్తే?" అని అడగండి. జవాబు వాక్యంలోనే ఉంటే పాజిటివ్ వైపు, లేకపోతే నార్మేటివ్ వైపు మొగ్గండి.

"చేపల నిల్వలు కోలుకోవడం వల్ల వచ్చే మేలు, కూలీలు కోల్పోయే రెండు నెలల ఆదాయం కన్నా ముఖ్యమైనది." ఇందులో పోలిక ఉంది, రెండు వైపులా కొలవగల వస్తువులున్నాయి, అందువల్ల పాజిటివ్ అనిపిస్తుంది. కాని "ముఖ్యమైనది" అన్నది కొలత కాదు. రేపటి చేపలకూ ఈరోజు కూలికీ ఎంతెంత బరువు ఇవ్వాలో మాట్లాడేవారే నిర్ణయించేశారు. "మేలు విలువ రూపాయల్లో, నష్టపోయిన ఆదాయం కన్నా ఎక్కువ" అంటే పాజిటివ్ అయ్యేది. "నిరుద్యోగం కన్నా ద్రవ్యోల్బణం పెద్ద సమస్య" అన్నది ఇదే రకం, అది ఎన్నో ప్రశ్నపత్రాల్లో కనబడుతుంది. నార్మేటివ్ అని ధైర్యంగా పెట్టండి.

"వేట నిషేధం వల్ల చేపల ధర పెరుగుతుంది కాబట్టి దాన్ని ఎత్తివేయాలి." ఒకే వాక్యంలో రెండు ముక్కలు. ముందుది పాజిటివ్, వెనుకది నార్మేటివ్. ఒకే పేరు పెట్టమంటే నార్మేటివ్ అనండి, ఎందుకంటే వాక్యం చివరికి నిలబెడుతున్న మాట "ఎత్తివేయాలి" అన్నదే, ధర సంగతి దానికి కారణంగా వచ్చింది. ధర పెరగడం నుంచి నిషేధం ఎత్తివేతకు నేరుగా దారి లేదు. "ధర పెరగడం ఇతర లాభాలకన్నా చెడ్డది" అన్న విలువ తీర్పు ఒకటి మధ్యలో దాగి ఉంది. ఉన్నదాన్ని గురించిన మాటల నుంచి ఉండవలసినదాన్ని గురించిన మాట ఊరికే పుట్టదని 18వ శతాబ్దపు స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఎత్తి చూపినది ఇదే. రాతపరీక్షలో ఇలాంటి వాక్యం వస్తే ఆ దాగిన తీర్పును బయటికి తీసి రాసిన విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇక సమయం సంగతి. 20 వాక్యాలకు 10 నిమిషాలంటే ఒక్కోదానికి అర నిమిషం. అన్నిటికీ సమానంగా పంచకండి. మొదటి విడతలో ప్రతి వాక్యం చివరి మాట మాత్రం చూసి, కర్తతో కూడిన "చేయాలి", "చేయకూడదు", "న్యాయం", "మంచిది" ఉన్నవాటిని నార్మేటివ్ అనీ, మామూలు అంకెలూ, "ఉంది", "పెరిగింది", "పెరుగుతుంది" ఉన్నవాటిని పాజిటివ్ అనీ పెట్టుకుంటూ పోండి. "అంటే", "అని" ఉన్నవాటినీ, "చాలదు", "ఎక్కువ", "ముఖ్యం" లాంటి మాటలున్నవాటినీ ఒక చుక్క పెట్టి వదిలేయండి. సాధారణంగా అలా మిగిలేవి ఐదారుకు మించవు. రెండో విడతలో వాటి మీదే లెక్కల పరీక్ష పెట్టండి. చుక్క పెట్టిన వాక్యాన్ని పూర్తిగా, కర్త నుంచి క్రియ దాకా మళ్లీ చదవాలి, ఎందుకంటే తిరకాసు సాధారణంగా మధ్యలో ఉంటుంది.

ఒక మాటను గురించి విడిగా హెచ్చరిస్తాను, అది "సమర్థత". రోజువారీ మాటల్లో ఎవరినైనా సమర్థులంటే మెచ్చుకోలు. అర్థశాస్త్రంలో దానికి గట్టి నిర్వచనం ఉంది: ఎవరికీ నష్టం కలగకుండా మరొకరికి మేలు చేసే మార్పు ఇక మిగలకపోతే ఆ పంపకం పరేటో సమర్థమైనది. ఆ నిర్వచనం ప్రకారం "పరిపూర్ణ పోటీ మార్కెట్ సమతౌల్యం, బాహ్య ప్రభావాలు లేనప్పుడు, సమర్థమైనది" అన్నది సిద్ధాంతం నుంచి నిరూపించగల వాక్యం, పాజిటివ్. "కాబట్టి మార్కెట్‌కే వదిలేయడం మేలు" అన్న క్షణంలో నార్మేటివ్‌లోకి దాటిపోయాం. "సమానత్వం" అన్న మాట ఇందుకు ఎదురు దిశలో పనిచేస్తుంది. అది వినగానే విలువ అనిపిస్తుంది, కాని "గత పదేళ్లలో ఆదాయ అసమానత తగ్గింది" అన్నది జినీ సూచీతో కొలిచి చెప్పగల పాజిటివ్ వాక్యమే.

మీకు తర్వాత సెమిస్టర్లలో పనికొచ్చే ఒక సంగతి కూడా చెబుతాను. 1953లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక వాదన చేశారు. విధానాల మీద మనుషులకుండే భేదాల్లో ఎక్కువ భాగం విలువల్లో తేడా వల్ల రాదు, ఆ విధానం వల్ల ఏం జరుగుతుందన్న అంచనాల్లో తేడా వల్ల వస్తుందని. ఆయన అక్కడ తీసుకున్న ఉదాహరణ కూడా కనీస వేతన చట్టమే. ఆయనతో పూర్తిగా ఏకీభవించాలని నేననను. వేట నిషేధం విషయంలో ఈరోజు కూలికీ రేపటి చేపలకూ బరువు పంచడంలోనే మనుషులు విడిపోవడం నేను ఈ ఊళ్లో చూశాను. కాని ఆయన మాట వల్ల ఒక అలవాటు వస్తుంది: "పెంచాలి", "వద్దు" అని ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు, వారి భేదం ఫలితాల అంచనాలోనా, విలువలోనా అని విడదీసి చూడటం. మీ పత్రికలో సంపాదకీయం ఒకటి తీసుకుని, వాక్యం పక్కన పా, నా అని పెన్సిలుతో రాస్తూ వెళ్లండి. అక్కడ వాక్యాలు క్విజ్‌లోలాగా శుభ్రంగా ఉండవు, సగం విలువ తీర్పులు "అనవసరమైన వ్యయం", "ఉదారమైన రాయితీ" అంటూ విశేషణాల్లో దూరి ఉంటాయి. వాటిని పట్టుకోగలిగితే క్విజ్ వాక్యాలు మీకు తేలికైపోతాయి. ఏదైనా వాక్యం తేలకపోతే ఇక్కడే రాయండి, వాక్యం మొత్తం మార్చకుండా రాయండి, ఒక్క మాట మారినా జవాబు మారిపోవచ్చు.